వాలు చేనులో డ్రిప్: పై చెట్టుకీ కింది చెట్టుకీ ఒకే నీళ్లు అందాలంటే

మాది అనంతపురం జిల్లా. చేను గుట్ట కింద ఎర్రనేల. అందులో చీనీ చెట్లు. మొదటిసారి డ్రిప్ వేసినప్పుడు పైపులు అమ్మినాయన "పెద్ద పైపు వేస్తే ప్రెషర్ బాగా వస్తుంది, తర్వాత బాధ ఉండదు" అన్నాడు. నేనూ నమ్మి, చెట్ల వరస వెంబడి పోయే లేటరల్ పైపు 16 ఎంఎం బదులు 20 ఎంఎం వేయించాను. చెట్లు కాపుకొచ్చాక చూస్తే, ఎండాకాలంలో మిట్టన ఉన్నవి మధ్యాహ్నానికే ఆకు ముడుచుకునేవి. పల్లంలో చివరి వరసలో మొదళ్ల దగ్గర బంక కారడం మొదలైంది. చీనీకి మొదలు దగ్గర తడి ఆరకపోతే బంక తెగులు తప్పదు. అన్నిటికీ ఒకే మోటారు, ఒకే టైము, ఒకే రకం డ్రిప్పర్లు. అయినా కింద మునుగుతున్నాయి, పైన ఎండుతున్నాయి.

తప్పు ఎక్కడుందో కాగితం మీద లెక్క వేశాక తెలిసింది. వాలు చేనులో పైపు పెద్దదైతే మేలు అనుకోవడమే ఆ తప్పు. ఆ లెక్కనే ఇక్కడ మా చేను కొలతలతో చెప్తాను. మీరు మీ కొలతలు పెట్టుకుని చూసుకోండి.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోండి

పైపులో నీళ్లు 10 మీటర్లు కిందికి దిగితే ఒక కిలో ప్రెషర్ పెరుగుతుంది. అంటే మీటరు పల్లానికి 0.1 కిలో. ఇక్కడి నుంచి ప్రెషర్‌ని కూడా మీటర్లలోనే చెప్తాను, కూడికలు తీసివేతలు సులువవుతాయి. ఒక కిలో అంటే 10 మీటర్లు.

అదే పైపులో నీళ్లు పారుతున్నప్పుడు గోడల రాపిడికి ప్రెషర్ తగ్గుతూ పోతుంది. నీళ్లు ఎక్కువ పారితే నష్టం ఎక్కువ. పైపు సన్నమైతే ఇంకా ఎక్కువ.

కిందికి పారే లేటరల్‌లో ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. వాలు ఇస్తుంది, రాపిడి తింటుంది. వాలు ఇచ్చినంతా రాపిడి తినేలా పైపు సైజు ఎంచుకుంటే, పై చెట్టు దగ్గరా కింది చెట్టు దగ్గరా ప్రెషర్ దాదాపు ఒక్కటే. నేను పెద్ద పైపు వేసి రాపిడిని తగ్గించాను. దాంతో వాలు ఇచ్చిన ప్రెషరంతా కింది చెట్ల మీద పడింది.

మామూలు డ్రిప్పర్‌లో నీళ్లు ప్రెషర్‌కి వర్గమూలం లెక్కన పెరుగుతాయి. ప్రెషర్ 20 శాతం పెరిగితే నీళ్లు సుమారు 10 శాతం పెరుగుతాయి. ఒక వాల్వ్ కింద ఉన్న చెట్లన్నిటిలో ఎక్కువ తాగే దానికీ తక్కువ తాగే దానికీ తేడా 10 శాతం దాటకూడదు. దాన్నే హద్దుగా పెట్టుకోండి. అంటే ప్రెషర్ తేడా 20 శాతం లోపు ఉండాలి.

వాలు కొలవండి

కంటితో చూసి "కొంచెం వాలు" అనుకోవద్దు, అది ఎప్పుడూ మోసం చేస్తుంది. మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన నీళ్ల ట్యూబు చాలు. చెట్ల వరస వెంబడి పై నుంచి కిందికి 12 మీటర్లకొక మేకు కొట్టండి. పక్కపక్క మేకుల మధ్య ట్యూబు పట్టి, ఎత్తు తేడా ఎంతో నోట్ బుక్కులో రాసుకుంటూ పొండి. గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి ట్యూబు నింపాక ఒకసారి ఎత్తి చూడండి.

మా చేనులో వరస పొడవు 96 మీటర్లు. మొత్తం పల్లం 3.84 మీటర్లు వచ్చింది, అంటే 4 శాతం వాలు. ప్రతి 12 మీటర్లకూ కొంచెం అటూ ఇటుగా అర మీటరు. వాలు సమంగా ఉందన్నమాట. మీ చేనులో మధ్యలో గుంతో దిబ్బో తగిలితే ఈ లెక్క ఒకే ముక్కగా పనిచేయదు. వాలు మారిన చోట చేనును విడగొట్టి, ఒక్కో ముక్కకు వేరే లెక్క వేసుకోవాలి.

ఒక్కో లైను ఎన్ని నీళ్లు మోయాలో చూడండి

చీనీ 6 × 6 మీటర్ల దూరంలో ఉంది. వరసకు 16 చెట్లు, మొత్తం 12 వరసలు, అంటే 192 చెట్లు. కాపు చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 100 లీటర్లు కావాలని పెట్టుకున్నాను. చెట్టు చుట్టూ రింగులో గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు వేస్తే గంటకు 32 లీటర్లు. మూడు గంటలు నడిపితే సరిపోతుంది.

ఒక్కో లైనుకు 16 చెట్లు × 32, అంటే గంటకు 512 లీటర్లు. ఇదే లేటరల్ నోటి దగ్గర పారే నీళ్లు. పన్నెండు లైన్లకూ కలిపి 6,144 లీటర్లు. మీ బోరు అంత ఇవ్వకపోతే చేనును రెండు వాల్వులుగా విడగొట్టండి. డ్రమ్ము పెట్టి గడియారం చూసి ఒకసారి కొలిచాకే నమ్మండి. మోటారు మీద రాసిన అంకె చూసి లెక్క వేయొద్దు.

పైపు సైజు లెక్క

100 మీటర్ల పైపులో రాపిడి నష్టం ఎన్ని మీటర్లో ఈ సూత్రం చెప్తుంది:

```
J = 1.21 × 10^12 × (Q / C)^1.852 × D^-4.87
```

Q అంటే సెకనుకు లీటర్లు. D అంటే పైపు లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. C అంటే పైపు లోపలి నునుపుకు ఇచ్చే అంకె, లేటరల్ పైపుకు 140 పెట్టుకోండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 16 ఎంఎం అంటే బయటి కొలత. మాకు వచ్చిన పైపు లోపలి వ్యాసం 14 మి.మీ. 20 ఎంఎం పైపు లోపల 17.6. సూత్రంలో వ్యాసం దాదాపు ఐదో ఘాతంలో ఉంది కాబట్టి ఒక్క మిల్లీమీటరు తేడా కూడా లెక్కను బాగా మార్చేస్తుంది. పైపు ముక్క కోసి, లోపలి వ్యాసం మీరే కొలుచుకోండి.

గంటకు 512 లీటర్లంటే సెకనుకు 0.142 లీటర్లు. 14 మి.మీ. పైపుకు సూత్రం వేస్తే 100 మీటర్లకు సుమారు 9.1 మీటర్ల నష్టం వస్తుంది. కానీ ఆ 512 లీటర్లూ చివరిదాకా పారవు. ప్రతి చెట్టు దగ్గరా కొన్ని తగ్గుతూ వస్తాయి. అందుకని ఈ నష్టాన్ని 0.38తో గుణించాలి. పదిహేను, ఇరవై చెట్ల లైనుకు ఈ అంకె సరిపోతుంది.

```
9.1 × 0.96 × 0.38 = 3.3 మీటర్లు
```

వాలు ఇచ్చేది 3.84, రాపిడి తినేది 3.3. లైను నోటి దగ్గర 10 మీటర్లు పెడితే చివరి చెట్టు దగ్గర 10.5 వస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్క నిమిషం, మధ్యలో ఏమవుతుందో కూడా చూడాలి. నీళ్లు ఎక్కువగా పారేది లైను మొదట్లో కాబట్టి రాపిడి అక్కడే ఎక్కువ. వాలు మాత్రం సమంగా ఇస్తూ పోతుంది. అందువల్ల ప్రెషర్ ముందు కొంచెం జారి, తర్వాత తేరుకుంటుంది. మా లైనులో 40 శాతం దూరం దగ్గర, అంటే ఆరో ఏడో చెట్టు దగ్గర, అది అన్నిటికన్నా తక్కువకు పడి 9 మీటర్లు ఉంటుంది. 9 నుంచి 10.5 వరకూ ప్రెషర్ తేడా 17 శాతం. నీళ్లలో తేడా సుమారు 8 శాతం. హద్దు లోపలే.

ఇప్పుడు నేను వేసిన 20 ఎంఎం పైపు చూడండి. రాపిడి 1.1 మీటర్లే. మిగిలిన 2.7 మీటర్లూ చివరి చెట్టు మీద పడతాయి. పైన 10, కింద 12.7. నీళ్లలో తేడా 13 శాతం. డబ్బు ఎక్కువ పెట్టి తేడా కొనుక్కున్నాను.

అలాగని లేటరల్స్‌కు నీళ్లు పంచే సబ్‌మెయిన్ పైపుని పల్లంలో వేసి లేటరల్‌లో నీళ్లు మిట్టకు ఎక్కించారనుకోండి. అప్పుడు వాలూ రాపిడీ రెండూ కలిసి తింటాయి. పై చివర సగం ప్రెషర్ కూడా మిగలదని లెక్క చెప్తుంది. బోరు పల్లంలో ఉన్నా సరే, మెయిన్ పైపును పైకి తీసుకెళ్లి అక్కణ్నుంచి లేటరల్స్ కిందికి వదలండి. ఆ ఒక్క మెయిన్ పైపు ఖర్చుకు వెనకాడొద్దు.

సబ్‌మెయిన్ మధ్యలో నుంచి ఎక్కించండి

పై గట్టు మీద సబ్‌మెయిన్ 72 మీటర్లు, 50 ఎంఎం పైపు. ఒక చివర నుంచి నీళ్లు వదిలితే అవతలి చివరకు సుమారు 0.7 మీటర్లు పోతుంది. లైను లోపలి తేడాకు ఇది కూడా తోడైతే మొత్తం 10 శాతం హద్దు దాటుతుంది. అదే పైపు, నీళ్లు మాత్రం మధ్యలో ఎక్కిస్తే, రెండు వైపులా ఆరేసి లైన్లు. నష్టం 0.1 మీటరే. ఒక టీ ముక్క, కొంచెం మెయిన్ పైపు ఖర్చు, అంతే.

ప్రెషర్ గేజ్ ఫిల్టర్ తర్వాత, సబ్‌మెయిన్ నోటి దగ్గర పెట్టండి. చాలాచోట్ల ఫిల్టర్ ముందు ఒక్కటే గేజ్ ఉంటుంది. ఫిల్టర్ మురికి పట్టినప్పుడు ముందున్న గేజ్‌లో ప్రెషర్ తగ్గదు, పైగా పెరుగుతుంది. లైన్లలోకి వెళ్లేది మాత్రం పడిపోతుంది.

దాని దెబ్బ వాలు చేనులో రెట్టింపుగా తగులుతుంది. ఒక కిలో మీద కుదిరిన లెక్క 0.6 కిలో మీద కుదరదు. నీళ్లు తక్కువ పారితే రాపిడి తగ్గుతుంది, వాలు మాత్రం అదే 3.84 మీటర్లు ఇస్తుంది. మా 16 ఎంఎం లైనులోనే నోటి దగ్గర 6 మీటర్లు ఉంటే, ముందు 5.8కి జారి చివర 7.8 వస్తుంది. నీళ్లలో తేడా 16 శాతం. ఎండాకాలంలో పల్లపు చెట్లు బాగుండి పైవి వాడుతున్నాయంటే పైపులు తవ్వకముందు ఫిల్టర్ విప్పి కడగండి.

లేత మొక్కలప్పుడు కూడా ఇలాగే అవుతుంది. మొక్కకు ఒక్క డ్రిప్పరే ఉంటుంది కాబట్టి రాపిడి పావు మీటరే. కింది మొక్కకు 17 శాతం నీళ్లు ఎక్కువ పోతాయి. కాపు చెట్ల కోసం పైపు వేసినప్పుడు తొలి రెండు మూడేళ్లు ఇది తప్పదు. సబ్‌మెయిన్ దగ్గర ప్రెషర్ కిలోన్నరకు పెంచి, నడిపే టైము తగ్గించుకుంటే తేడా 11 శాతానికి దిగుతుంది. ఆ వయసులో అంతమాత్రం మొక్కకు పట్టదు.

వాలు 4 శాతం కన్నా ఎక్కువైతే

8 శాతం వాలులో ఇదే 96 మీటర్ల లైను 7.7 మీటర్లు ఇస్తుంది. 16 ఎంఎం పైపు దాన్ని తినలేదు. లైనును సగానికి కోసి, మధ్యలో ఇంకో సబ్‌మెయిన్ వేయండి. 48 మీటర్లకు 8 చెట్లు. ఇప్పుడు లోపల 10 మి.మీ. ఉండే 12 ఎంఎం పైపు వేస్తే రాపిడి 2.5 మీటర్లు, వాలు 3.84. ప్రెషర్ తొమ్మిదిన్నర నుంచి 11.3 వరకూ. నీళ్లలో తేడా 9 శాతం. కుదిరింది.

ఒకటి మర్చిపోవద్దు. కింది సబ్‌మెయిన్‌కు పై దానికన్నా 3.84 మీటర్ల ప్రెషర్ ఎక్కువ వస్తుంది. దానికి వేరే వాల్వ్, వేరే గేజ్ ఉండాలి. వాల్వ్ తిప్పి గేజ్ ఒక కిలో చూపించేదాకా బిగించాలి.

ఇంకా నిట్రం వాలైతే లైన్లను వాలుకు అడ్డంగా వేయమంటారు. అది సరైన సలహాయే, కాకపోతే సగమే. అప్పుడు ఒక్కో లైను లోపల తేడా ఉండదు, కానీ సబ్‌మెయిన్ వాలు వెంబడి దిగుతుంది. తేడా చెట్ల మధ్య నుంచి లైన్ల మధ్యకు మారుతుందంతే. ప్రతి లైను నోటి దగ్గరా చిన్న వాల్వ్ పెట్టి సరిచేసుకోవాలి, లేదా ప్రెషర్ ఎంత మారినా ఒకే నీళ్లిచ్చే పీసీ డ్రిప్పర్లు వాడాలి. పీసీ డ్రిప్పర్ లోపల రబ్బరు పొర ఉంటుంది. కంపెనీ రాసిన కనీస ప్రెషర్ అందకపోతే అది కూడా మామూలు డ్రిప్పర్ లాగే నడుస్తుంది. ఖరీదు ఎక్కువ, రబ్బరు పాతబడితే మార్చాలి. 4 శాతం వాలుకు అవి అక్కర్లేదని నా అభిప్రాయం.

మోటారు ఆగాక కారే నీళ్లు

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మోటారు ఆగిన తర్వాత లైనులో మిగిలిన నీళ్లు ఎటు పోతాయి? కిందికి జారి, చాలావరకు చివరి రెండు మూడు చెట్ల దగ్గరే కారిపోతాయి. 96 మీటర్ల 16 ఎంఎం లైనులో 15 లీటర్లు పడతాయి. 20 ఎంఎంలో 23 లీటర్లు.

రోజుకు ఒకసారి ఆపితే పెద్ద లెక్క కాదు. మాకు అప్పట్లో కరెంటు వచ్చిపోతూ మోటారు రోజుకు నాలుగుసార్లు ఆగేది. 23 లీటర్లు నాలుగుసార్లు, మూడు చెట్లకు పంచితే చెట్టుకు 30 లీటర్లు అదనం. దానికి తోడు ఫిల్టర్ మురికి పట్టి ప్రెషర్ 0.6 కిలో. లెక్క వేస్తే పై చెట్టుకు రోజుకు 75 లీటర్లు, చివరి చెట్టుకు 120 దాకా పోతోంది. బంక కారదా మరి!

మందు సులువే. విడతలు విడతలుగా కాకుండా ఒకేసారి మూడు గంటలు నడపండి. కరెంటు కుదరకపోతే రోజు మార్చి రోజు ఆరు గంటలు నడపండి. ఎర్రనేలలో నీళ్లు తొందరగా కిందికి ఇంకిపోతాయి కాబట్టి అంతకన్నా ఎడం పెట్టొద్దు. అదీ వీలుకాకపోతే మోటారు ఆగగానే మూసుకునే రకం డ్రిప్పర్లు ఉన్నాయి, కానీ కింది మూడు చెట్లకు మాత్రమే వేస్తే చాలదు. నీళ్లు వాటి పైనున్న చెట్ల దగ్గర కారతాయి. వేస్తే లైనంతా వేయాలి.

లైన్లు ఖాళీ అయ్యేటప్పుడు పైన గాలి కావాలి. దారి లేకపోతే మిట్టన ఉన్న డ్రిప్పర్లు గాలితో పాటు బురదను లోపలికి పీల్చుకుంటాయి. సబ్‌మెయిన్ మీద, గేట్ వాల్వ్ దాటాక, ఎత్తైన చోట ఒక ఎయిర్ వాల్వ్ పెట్టండి. డ్రిప్పర్లు కూడా చెట్టుకు దిగువన కాకుండా ఎగువ వైపు ఎక్కువ ఉండేలా సర్దండి. తడి కిందికే జారుతుంది. మొదలుకు మాత్రం నీళ్లు తగలకూడదు.

పెట్టాక కొలవండి

నాలుగు లైన్లు తీసుకోండి, రెండు చివర్లవీ మధ్యలో రెండూ. ఒక్కో లైనులో మొదటి చెట్టు, ఆరోది, పదకొండోది, చివరిది. మొత్తం పదహారు డ్రిప్పర్లు. ఒక్కో దాని కింద గుంత తీసి డబ్బా పెట్టి సరిగ్గా మూడు నిమిషాలు పట్టండి. 8 లీటర్ల డ్రిప్పర్ ఒక కిలో ప్రెషర్‌లో 400 మి.లీ. ఇవ్వాలి. లెక్క ప్రకారం మా 16 ఎంఎం లైనులో మొదటి చెట్టుకు 400, ఆరో దానికి 380, చివరి దానికి 410 రావాలి.

పదహారిటిలో అతి తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 90 శాతం పైన ఉంటే పైపు లెక్క సరిపోయినట్టే. తక్కువ వస్తే అంకెలు లైను వరస ప్రకారం రాసుకుని చూడండి. కిందికి పోయేకొద్దీ మెల్లగా పెరుగుతుంటే ప్రెషర్ చాలట్లేదు, లేదా పైపు పెద్దదైంది. ఆరో ఏడో చెట్టు దగ్గర బాగా పడిపోయి మళ్లీ పెరుగుతుంటే పైపు సన్నమైంది. ఒక డబ్బాలో 250 వచ్చి, అదే చెట్టు మిగతా డ్రిప్పర్లలో 400 వస్తుంటే అది పైపు తప్పు కాదు, ఆ డ్రిప్పర్ పూడింది. ముందు ఎండ్ క్యాప్ విప్పి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి, తర్వాత మళ్లీ కొలవండి.

నేను లేటరల్స్ మార్చి రెండేళ్లయింది. పాత 20 ఎంఎం పైపులు పారేయలేదు. గుట్టకు అటువైపున్న చదును మడిలో వేశాను. అక్కడ వాలు ఇచ్చేదేమీ లేదు, రాపిడి ఎంత తక్కువైతే అంత మంచిది. పైపులు అమ్మినాయన మాట ఆ మడికి సరిగ్గా సరిపోయింది.